తోక కింద పలకరింపు

రెండు కుక్కలు ఎదురుపడ్డప్పుడు మొదట ముఖాలు దగ్గరకు తెస్తాయి. మూతి, చెవులు, మెడ గబగబా వాసన చూసేశాక ఒకటి పక్కగా జరిగి రెండోదాని తోక కిందికి ముక్కు చేరుస్తుంది. రెండోదీ ఊరుకోదు, తనూ అదే పని మొదలుపెడుతుంది. దాంతో రెండూ ఒకదాని తలవైపు ఒకటి తోక పెట్టి నిలబడి, మెల్లగా గుండ్రంగా తిరుగుతాయి. కొన్ని సెకన్లలో ఈ తంతు ముగుస్తుంది. ఆ తర్వాత ఆటకు దిగడమో, పళ్లు బయటపెట్టడమో, దేని దారిన అది పోవడమో జరుగుతుంది. 1992లో ఇంగ్లండ్‌లో జాన్ బ్రాడ్‌షా బృందం షికారుకు వచ్చిన పెంపుడు కుక్కలు ఎలా కలుసుకుంటున్నాయో గమనించినప్పుడు, ఆ కలయికల్లో ఎక్కువ భాగం వాసన చూసుకోవడమేనని తేలింది. మగకుక్కలు ఎక్కువగా వెనకభాగాన్ని, ఆడకుక్కలు ఎక్కువగా తలవైపును పరీక్షించాయి.

వెనకభాగానికి ఇంత గిరాకీ ఉండటానికి కారణం అక్కడున్న రెండు చిన్న సంచులు. మలద్వారాన్ని గడియారం ముఖం అనుకుంటే నాలుగు, ఎనిమిది అంకెలు ఉండే చోట, చర్మం కింద, మలద్వారాన్ని బిగించే రెండు కండరాల మధ్య ఇవి ఇమిడి ఉంటాయి. వీటినే పశువైద్యులు ఏనల్ శాక్స్ అంటారు, కుక్కలు పెంచేవాళ్ల నోట్లో ఏనల్ గ్లాండ్స్ అనే మాట నలుగుతుంది. నిజానికి గ్రంథులు ఉండేది సంచి గోడల్లో. అవి ఊరించే నూనెలాంటి ద్రవం సంచిలో నిలవ ఉండి, సన్నని నాళం గుండా మలద్వారం అంచుకు వస్తుంది. కుక్క మలవిసర్జన చేసినప్పుడు గట్టి మలం ఒత్తిడికి సంచి నొక్కుకుని కాస్త ద్రవం బయటికి వస్తుంది. కుక్క బాగా బెదిరినా కండరాలు బిగుసుకుని ఒక్కసారిగా చిమ్ముతుంది. టీకా వేయించడానికి బల్లమీద ఎక్కించిన కుక్క దగ్గర ఉన్నట్టుండి గుప్పుమనే నీచువాసన ఇదే.

ఆ వాసనలో ఏముందో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రానికి చెందిన జార్జ్ ప్రెటి బృందం 1976లో తేల్చింది. కుక్కల నుంచి, వాటికి దగ్గరి చుట్టమైన కయోటీల నుంచి ద్రవాన్ని సేకరించి, అందులోంచి గాలిలోకి లేచే పదార్థాలను వేరుచేసి చూశారు. ప్రధానంగా దొరికినవి చిన్నపాటి కొవ్వు ఆమ్లాలు, ట్రైమిథైలమిన్. ఆ ఆమ్లాల్లో వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం ఒకటి, పాడైన వెన్న కంపుకు కారణమైన బ్యుటిరిక్ ఆమ్లం ఒకటి. ట్రైమిథైలమిన్ అంటే నిలవ చేపల వాసన. మనిషి ముక్కుకు ఇదంతా కలిసి ఒకే దుర్వాసన. కుక్క ముక్కుకు ఏది ఎంత పాలు ఉందన్నది తెలుస్తుంది, సమాచారం దాగి ఉండేది ఆ పాళ్లలోనే.

ఈ పదార్థాలన్నీ కుక్క ఒంట్లో నేరుగా తయారైనవి కావు. సంచి లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది, గాలి పెద్దగా ఆడదు. బ్యాక్టీరియా స్థిరపడటానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. గ్రంథులు ఊరించే మాంసకృత్తులనూ కొవ్వులనూ ఆ బ్యాక్టీరియా పులియబెడుతుంది. ఒకే పాలు తోడుపెట్టినా ఇంటింటికీ పెరుగు రుచి మారినట్టు, ఏ సంచిలో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందన్న దాన్ని బట్టి వాసన మారుతుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్బోన్ 1970లలో ఎర్ర నక్కల సంచులను పరిశీలించి ఈ ఆలోచనకు రూపం ఇచ్చాడు. కుక్కల విషయంలోనూ అది సరిపోయింది.

వాసన బ్యాక్టీరియా చేతిలో ఉండటం వల్ల ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. ఏ రెండు కుక్కల వాసనా ఒకటి కాదు, కాబట్టి ఇది గుర్తింపు కార్డులా పనికొస్తుంది. అయితే ఆ కార్డు స్థిరంగా ఉండదు. బ్రాడ్‌షా, డేవిడ్ మెక్‌డొనాల్డ్ తదితరులు 1980ల చివర్లో పెంపుడు కుక్కల ద్రవాన్ని విశ్లేషించినప్పుడు కుక్కకూ కుక్కకూ తేడా కనిపించింది, ఒకే కుక్కలో కాలం గడిచేకొద్దీ మార్పూ కనిపించింది. రోజూ కలిసే కుక్కలు కూడా కలిసిన ప్రతిసారీ ఎందుకు వాసన చూసుకుంటాయన్న ప్రశ్నకు బ్రాడ్‌షా దీన్నే సమాధానంగా సూచించాడు. కిందటి నెల గుర్తుపెట్టుకున్న వాసన ఈ నెలకు పాతబడిపోతుంది, దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి.

ఒకే ఇంట్లో పెరిగే రెండు కుక్కల సంగతి తీసుకుందాం. యజమానులు ఊరెళ్తూ ఒకదాన్ని పదిరోజులు బంధువుల ఇంట్లో వదిలారు. అక్కడ తిండి వేరు, పడుకునే చోటు వేరు, చుట్టూ ఉండే మనుషులూ జంతువులూ వేరు. తిరిగొచ్చిన కుక్కను చూడగానే రెండోది తోక ఊపుతూ పరుగెత్తుతుంది, అంటే రూపం, నడక, అరుపు గుర్తున్నాయన్నమాట. అయినా ఎదురొచ్చిన వెంటనే చెవులు, వీపు, ఆఖరికి తోక కింద చాలాసేపు వెతుకుతుంది. ఎవరన్నది అప్పటికే తెలుసు. వెతికేది పదిరోజుల్లో ఏం మారిందన్న దాని కోసం. అందుకే అదే కుక్కలు ఇంట్లో పొద్దున లేవగానే చేసే తనిఖీ రెండు మూడు పీల్పులతో సరిపోతుంది.

వాసన పట్టే యంత్రాంగం కూడా ఇందుకు తగినట్టే ఉంటుంది. కుక్క మామూలుగా ఊపిరి తీసుకోవడం వేరు, వాసన చూడటం వేరు. వాసన చూసేటప్పుడు సెకనుకు దాదాపు ఐదుసార్లు చిన్నచిన్నగా గాలి పీలుస్తుంది. అందులో కొంత భాగం ఊపిరితిత్తుల వైపు పోకుండా, ముక్కు వెనక చివర వాసన కణాలతో నిండిన గదిలోకి మళ్లుతుంది. వదిలే గాలి ముక్కు పక్కల ఉన్న చీలికల గుండా వెనక్కి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదిరిపోదు. ఎండకు నాలుక వేలాడేసి వగరుస్తున్న కుక్క ఇంత చక్కగా వాసన పట్టలేదు, ఎందుకంటే అప్పుడు గాలి చాలావరకు నోటి దారిన పోతుంది.

ముక్కుకు తోడు పై ముందుపళ్ల వెనక నోటి పైభాగాన తెరుచుకునే మరో అవయవం ఉంది. 1813లో దీన్ని వర్ణించిన డెన్మార్క్ శాస్త్రవేత్త లుడ్విగ్ జాకబ్సన్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. మగకుక్క ఆడకుక్క మూత్రాన్ని నాకి, నాలుకను పైకి ఆడిస్తూ, పళ్లు టకటకలాడిస్తూ, చొంగ కారుస్తూ నిలబడిపోవడం చాలామంది చూసే ఉంటారు. తడి రూపంలో ఉన్న వాసనను అది ఈ అవయవానికి అందిస్తోందని అర్థం. అయితే దీని గొప్పను మరీ పెంచి చెప్పడం కూడా తగదు. ఎలుకల్లో ఈ అవయవానికి పనికొచ్చే గ్రాహక జన్యువులు వందకు పైగా ఉంటే, కుక్కల్లో పనిచేసేవి పది లోపే. వెనకభాగం వాసనలో ఎక్కువ భారం మామూలు ముక్కే మోస్తుంది.

అందే సమాచారంలో రెండు రకాలను కలిపేయకూడదు. ఎవరు అన్నది ప్రధానంగా ఆ సంచుల నుంచి వస్తుంది. ఆడకుక్క ఎదకు వచ్చిందా లేదా అన్నది మాత్రం మూత్రం నుంచి, యోని స్రావం నుంచి వస్తుంది. తోక కింద రెండూ పక్కపక్కనే ఉండటంతో చూసేవాళ్లకు ఒకే పనిలా కనిపిస్తుంది. ఎద మొదలైనప్పుడు సుమారు తొమ్మిది రోజులు రక్తస్రావం ఉంటుంది. మగకుక్కలు అప్పుడే చుట్టూ మూగుతాయి కానీ ఆడకుక్క దగ్గరకు రానివ్వదు. తర్వాతి దశలోనే ఒప్పుకుంటుంది. అక్టోబరులో చిత్త కార్తె వచ్చేసరికి మన వీధుల్లో ఒక్క ఆడకుక్క వెనక అరడజను మగకుక్కలు బారులు తీరడం ఈ వాసన మహిమే. ఆ ఆకర్షణకు కారణం ఒకే ఒక్క రసాయనమని 1979లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించింది. తర్వాత చేసిన ప్రయోగాల్లో మగకుక్కలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒక వాసనకు ఒక అర్థం అంటూ నిఘంటువు రాసే ప్రయత్నాలు ఇలాగే బెడిసికొట్టాయి. వయసు, జబ్బు, కోపం, నిన్న తిన్న అన్నం అన్నీ కుక్క అక్కడే చదివేస్తుందని రాసేవాళ్లు ఆధారం కన్నా ముందుకు పరుగెత్తినట్టే.

ఎంత సమాచారం ఇవ్వాలన్నది కొంతవరకు ఇచ్చే కుక్క చేతిలో ఉంటుంది. తోక ఎత్తితే ఆ ప్రాంతం తెరుచుకుంటుంది. ధీమాగా ఉన్న కుక్క తోక నిటారుగా పెట్టి కదలకుండా నిలబడి చూడనిస్తుంది. బెదిరిన కుక్క తోకను కాళ్ల మధ్యకు ముడిచి మూసేస్తుంది, కొన్నిసార్లు కూర్చునే ఉండిపోతుంది. ఎదుటి కుక్క మర్యాద తెలిసినదైతే అక్కడితో వదిలేస్తుంది. వదలకుండా వెంటపడితే బెదిరిన కుక్క గుర్రుమంటుంది. చాలా కొట్లాటలు ఇక్కడే మొదలవుతాయి.

గొలుసు పట్టుకున్న మనిషి తెలియక చేసే పొరపాటు కూడా ఇక్కడే. ఎబ్బెట్టుగా ఉందని గొలుసు బిగించి లాగితే కుక్క మెడ పైకి లేస్తుంది, ఛాతీ ముందుకు పొంగుతుంది. ఎదుటి కుక్కకు అది దూకబోతున్న భంగిమలా కనిపిస్తుంది. పైగా అవి పక్కగా తిరిగి రావాల్సింది ముఖాముఖీ నిలబడిపోతాయి. గొలుసు వదులుగా ఉంచి, రెండు మూడు సెకన్లు చూసుకోనిచ్చి, ఆపైన పేరుపెట్టి పిలుస్తూ నడక కొనసాగిస్తే గొడవ తక్కువ. ఒళ్లు బిగిసినా, తోక ముడిచినా అంతకన్నా ముందే పక్కకు తప్పించాలి.

ఇక ఆ సంచులే పాడైతే లక్షణాలు తెలిసిపోతాయి. మలం పల్చగా అవుతూ ఉంటే సంచి ఖాళీ కాదు, లోపలి ద్రవం చిక్కబడి ముద్దలా గడ్డకడుతుంది. కుక్క వెనకభాగాన్ని నేలకేసి ఈడుస్తుంది, తోక మొదట్లో అదేపనిగా నాక్కుంటుంది, కూర్చోబోయి ఉలిక్కిపడి లేస్తుంది. చిన్న జాతి కుక్కల్లో ఈ బాధ ఎక్కువ. పట్టించుకోకపోతే చీము పట్టి, మలద్వారం పక్కన చర్మం ఎర్రగా ఉబ్బి పగులుతుంది. పశువైద్యుడు చేతికి గ్లవుజు తొడుక్కుని, వేలు లోపలికి పెట్టి సంచిని మెల్లగా పిండి ఖాళీ చేస్తాడు. మళ్లీ మళ్లీ వస్తుంటే శస్త్రచికిత్సతో సంచులనే తీసేస్తారు. ఏ బాధా లేని కుక్కకు నెలనెలా పిండించాల్సిన అవసరం లేదు, అలా చేస్తే సంచి గోడలు ఊరికే రేగుతాయి. నాలుగు, ఎనిమిది అంకెల చోట నొప్పిలేని గట్టి గడ్డ చేతికి తగిలితే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఈ సంచుల్లో అరుదుగా పుట్టే క్యాన్సర్ అలాగే మొదలవుతుంది. అది రక్తంలో కాల్షియాన్ని పెంచడం వల్ల కుక్క విపరీతంగా నీళ్లు తాగడం, మూత్రం పోయడం గడ్డకన్నా ముందే కంటబడవచ్చు.