రెండో ఉత్తరం

లేఆఫ్ రోజున వచ్చే మెయిల్ గురించి లోకమంతా మాట్లాడుకుంటుంది. 2014 జూలైలో మైక్రోసాఫ్ట్‌లో ఫోన్ల విభాగం చూస్తున్న స్టీఫెన్ ఈలాప్ తన వాళ్ళకు ఒక మెయిల్ రాశాడు. 'హలో దేర్' అని మొదలుపెట్టి, ఫోన్ల వ్యూహం మీద పేరాలకు పేరాలు నడిపించి, ఎక్కడో కిందికి పోయాక 12,500 ఉద్యోగాలు పోతున్నాయని చెప్పాడు. అదే రోజు సత్య నాదెళ్ళ మొత్తం కంపెనీకి రాసిన మెయిల్‌లో 18,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తున్నామన్న మాట మొదట్లోనే ఉంది. కబురు రెంటిలోనూ చేదుదే. అయినా ఇప్పటికీ జనం ఎగతాళి చేసేది ఈలాప్ మెయిల్‌నే.

2020 మే నెలలో ఎయిర్‌బీఎన్‌బీ అధిపతి బ్రయన్ చెస్కీ రాసిన ఉత్తరాన్ని మంచి ఉదాహరణగా చూపిస్తారు. అప్పటికి కంపెనీలో 7,500 మంది ఉన్నారు. సుమారు 1,900 మందిని తీసేశారు. ఎందుకు, ఎలా ఎంచారు, వెళ్ళేవాళ్ళకు ఏం దక్కుతుంది అన్నవన్నీ విడమరచి రాశాడు. చివర్లో ఉండిపోయేవాళ్ళతో కూడా ఒక మాట చెప్పాడు: వెళ్ళేవాళ్ళ పనికి విలువ ఉందని వాళ్ళకు తెలిసేలా చేయడమే మనం వాళ్ళకిచ్చే గౌరవమని.

ఇవన్నీ మొదటి ఉత్తరాలు. రెండో ఉత్తరం ఒకటి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, చాలా చోట్ల ఎవరూ రాయరు కూడా. వెళ్ళినవాళ్ళు వెళ్ళి నెలన్నర, రెండు నెలలు అవుతుంది. ఖాళీ కుర్చీలకు కళ్ళు అలవాటు పడతాయి. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పని మాత్రం ఎక్కడికీ పోకుండా, ఉన్నవాళ్ళ నెత్తిన పడి ఉంటుంది. అలా మోస్తున్నవాళ్ళకు రాయాల్సింది ఈ రెండో ఉత్తరం. రాయాల్సింది కంపెనీ అధిపతి కాదు, ఆ పని రోజూ కళ్ళారా చూస్తున్న మేనేజరు.

ఇది ఎందుకంత కష్టమో తెలియాలంటే చదివేవాళ్ళ మనసులో ఏముందో తెలియాలి. కొలంబియా యూనివర్సిటీకి చెందిన జోయెల్ బ్రాక్నర్ 1980ల నుంచి, ఉద్యోగాల కోత తర్వాత మిగిలినవాళ్ళ మీదే పరిశోధనలు చేశాడు. తన ఉద్యోగం నిలిచిందన్న ఊరట ఒక్కటే మనిషిని నడిపించదని ఆ పరిశోధనలు చెబుతాయి. వెళ్ళినవాళ్ళను కంపెనీ ఎలా సాగనంపిందో మిగిలినవాళ్ళు గమనిస్తారు, ముఖ్యంగా వెళ్ళినవాళ్ళు తమకు దగ్గరివాళ్ళైతే. రేపు తన వంతు వస్తే తనకూ ఇదే మర్యాద అని లెక్క వేసుకుంటారు. కాబట్టి 'మీరు ఎంపికైన జట్టు' అని రాస్తే వాళ్ళు పొంగిపోరు. నిన్నటిదాకా పక్కన కూర్చుని టీ తాగిన మనిషి పనికిరానివాడని తమ చేత ఒప్పించాలని చూస్తున్నారనుకుంటారు. 'మనమంతా ఒక కుటుంబం' అన్నా అంతే. నెలన్నర కిందటే కుటుంబంలో నలుగురిని బయటికి పంపి ఆ మాట అంటే, నవ్వుకోవడానికి వాళ్ళకు వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది. మేనేజరు లేని గ్రూపు.

ఒక టీమ్‌ని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో పన్నెండు మంది. అమెరికాలోని ఒక క్లయింట్‌కు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చూసుకునే ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్. ఆగస్టు మధ్యలో నలుగురిని తీసేశారు. వారానికి ఇద్దరు చొప్పున ఆన్‌కాల్ ఉండాలి. పన్నెండు మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరికి ఆరు వారాలకొకసారి వంతు వచ్చేది. ఎనిమిది మందికి అది నాలుగు వారాలకొకసారి వస్తుంది. అంటే నెలలో ఒక వారం ఫోన్ తలగడ పక్కన పెట్టుకుని పడుకోవాలి. దీనికి తోడు, వెళ్ళిన నలుగురిలో ఒకరు సెటిల్‌మెంట్ ఫైళ్ళ పని నాలుగేళ్ళుగా ఒంటిచేత్తో చూసుకుంటున్నారు. ఆయన లాగిన్ ఆ ఉదయమే ఆపేశారు కాబట్టి హ్యాండోవర్ అన్నదే జరగలేదు. ఏ ఫైలు ఎందుకు ఆగుతుందో మిగిలినవాళ్ళు తడుముకుంటూ నేర్చుకున్నారు.

అక్టోబరు మొదట్లో మేనేజరు ఉత్తరం రాయాలని కూర్చుంటారు. చేతికి ముందుగా వచ్చే వాక్యాలు ఇవి: 'ఈ సవాలును మనం అవకాశంగా మలచుకున్నాం. తక్కువ మందితో ఎక్కువ సాధించాం. అర్ధరాత్రి అనక పని చేసిన మీ అంకితభావానికి జోహార్లు.' చదవడానికి బాగానే ఉంది. కానీ మొదటి వాక్యంలో నిజం లేదు, ఎవరూ ఏ అవకాశమూ చూడలేదు. రెండో వాక్యం టీమ్‌కు ప్రమాదం. ఎనిమిది మందితో బండి నడుస్తోందని మేనేజరే రాసి పెడితే, రేపు మనుషుల్ని అడిగినప్పుడు ఆ ఉత్తరమే అడ్డం వస్తుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది. అర్ధరాత్రి మేలుకున్నందుకు మెచ్చుకుంటే, పదింటికి పడుకున్నవాళ్ళను తప్పుపట్టినట్టే. ఆ మెప్పు కోసం కాకపోయినా, ఆ భయంతో అందరూ మేలుకుంటారు.

మెచ్చుకోవాల్సింది పడ్డ అవస్థను కాదు, తీసుకున్న నిర్ణయాన్ని. సెప్టెంబరు నెలాఖరు క్లోజింగ్ రోజున, పరీక్ష పూర్తి కాని రిలీజ్‌ను ఆపాలని టీమ్ పట్టుబట్టిందనుకోండి. ఆపకపోతే కొందరి ఖాతాల్లోంచి డబ్బు రెండుసార్లు పోయేది. ఉత్తరంలో ఆ సంగతి రాయాలి. అది రాసిన మేనేజరు నిజంగా పని చూశాడని చదివేవాళ్ళకు తెలుస్తుంది.

అసలు కలం పట్టేముందే చేయాల్సిన పని ఒకటుంది. కృతజ్ఞత చెబుతూ ఏ పనీ తగ్గించని ఉత్తరం రాయకపోవడమే మేలు. పిజ్జా పార్టీ, గిఫ్ట్ వోచర్ ఈ లెక్కలోకి రావు (వోచర్ తీసుకున్నవాళ్ళు మొహమాటానికి థాంక్స్ చెప్పి, రేటు కట్టి చూసుకుంటారు). ఏ పని ఆపవచ్చో టీమ్‌ని అడగాలి. అడిగితే చెబుతారు. 'అన్నా, వారం రిపోర్టు నలభై స్లైడ్లు చేస్తున్నాం, అవతల ఎవ్వరూ తెరవట్లేదు' అని ఒకరంటారు. ఆదివారం చేసే టెస్టింగ్‌లో ఆర్నెల్లుగా ఒక్క లోపమూ దొరకలేదని ఇంకొకరంటారు. ఆ జాబితా పట్టుకుని మేనేజరు క్లయింట్‌తోనూ, తన పైవాళ్ళతోనూ మాట్లాడి ఒప్పించాలి. అదయ్యాకే ఉత్తరం. ఈ వరుస తిరగబడితే, ఉత్తరంలో ఆగిపోయిందన్న రిపోర్టును క్లయింట్ మంగళవారం పొద్దున్నే అడుగుతాడు, ఎవరో ఒకరు సోమవారం రాత్రి కూర్చుని చేస్తారు. ఆ తర్వాత మేనేజరు ఏం రాసినా ఎవరూ నమ్మరు.

ఆ పనంతా అయ్యాక ఉత్తరం ఇలా ఉండవచ్చు. ఆఫీసులో అది ఇంగ్లీషులోనే వెళ్తుంది, మనం తెలుగులో చూద్దాం.

'ఆగస్టులో మన టీమ్ నుంచి నలుగురు వెళ్ళారు. బాగా పనిచేసే మనుషులు. వాళ్ళ పని మాత్రం ఇక్కడే ఉంది. ఏడు వారాలుగా దాన్ని మీరు ఎనిమిది మంది చేస్తున్నారు. సెటిల్‌మెంట్ ఫైళ్ళు నేర్పేవాళ్ళు లేకుండానే మీ మీద పడ్డాయి. హ్యాండోవర్‌కు టైమ్ ఇవ్వకపోవడం మా వైపు తప్పు. నెలాఖరు రిలీజ్ ఆపాలని మీరు పట్టుబట్టారు. ఆపడం వల్లే జనం డబ్బు రెండుసార్లు పోలేదు. థాంక్స్.

వచ్చే సోమవారం నుంచి వారం రిపోర్టు ఉండదు. నెలకొకటి చాలని క్లయింట్ ఒప్పుకున్నారు. ఆదివారం టెస్టింగ్ కూడా ఆగుతుంది. రాత్రి సపోర్టు తగ్గించమని అడిగాను, ఒప్పుకోలేదు. అందుకని ఆన్‌కాల్ చేసినవాళ్ళకు ఆ తర్వాతి సోమవారం సెలవు. దాన్ని దాచుకోకండి, అప్పుడే తీసుకోండి.

ఇద్దరు మనుషులు కావాలని అడిగాను. ఒకరికి అనుమతి వచ్చింది. వచ్చి పని అందుకునేసరికి జనవరి దాటుతుంది. ఎవరు ఏ అదనపు పని తీసుకున్నారో మీ మీ అప్రైజల్ ఫైళ్ళలో రాసి పెట్టాను. మీది చూసుకుని, తప్పుంటే దిద్దండి. మళ్ళీ కోత ఉంటుందా అంటే నాకు తెలియదు. నవంబర్ 15న ఇవన్నీ ఎక్కడిదాకా వచ్చాయో రాస్తాను.'

ఇందులో థాంక్స్ ఒక్కసారే ఉంది. నాలుగుసార్లు చెబితే విలువ తగ్గేది. ఎవరి పేరూ విడిగా లేదు, అది కావాలనే. ఎనిమిది మందిలో ఇద్దరి పేర్లు రాస్తే మిగతా ఆరుగురు తమ పేరు వెతుక్కుంటారు, పైగా ఆ ఇద్దరి మీదే ఇంకో పని వచ్చి పడుతుంది. ఎవరికి ప్రత్యేకంగా ఏం చెప్పాలన్నా విడిగా, ఎదురుగా చెప్పాలి. 'మా వైపు తప్పు' అన్న వాక్యాన్ని హెచ్ఆర్ వాళ్ళు తీసేయమనవచ్చు. తీసేస్తే దాని బదులు 'సవాళ్ళు' అని పెట్టకుండా, హ్యాండోవర్‌కు టైమ్ దొరకలేదని ఉన్నదున్నట్టు రాయడం మంచిది. ఇలాంటి మెయిల్ సాయంత్రానికల్లా వెళ్ళిపోయిన నలుగురి ఫోన్లకూ చేరుతుందని అనుకునే ప్రతి వాక్యమూ రాయాలి.

కోత గురించి 'నాకు తెలియదు' అనడానికి చాలామంది మేనేజర్లు జంకుతారు. ఇక ఏమీ ఉండదని భరోసా ఇస్తే బాగుంటుందనిపిస్తుంది. మెటా 2022 నవంబరులో 11,000 మందిని తీసేసింది, నాలుగు నెలలు తిరిగేసరికి ఇంకో 10,000 అని ప్రకటించింది. అలాంటి చోట మధ్యలో ఏ చిన్న మేనేజరైనా తన టీమ్‌కు మాట ఇచ్చి ఉంటే ఆ మాట ఏమైనట్టు? అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకైతే ఇది ఇంకా బరువైన సంగతి. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దారి మార్చుకోవడానికో సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఇల్లు కొనాలా, ఆగాలా అన్నది వాళ్ళు మేనేజరు మాట మీద తేల్చుకుంటారు. ఇంకో కోత వస్తోందని మేనేజరుకు ముందే తెలిసి, చెప్పకూడదన్న ఆంక్ష ఉంటే, అప్పుడు 'తెలియదు' అనడమూ అబద్ధమే. ఆ వాక్యాన్నే వదిలేయాలి. అడిగితే, ఆ విషయం తాను మాట్లాడలేనని చెప్పాలి.

ఉత్తరం చేరిందో లేదో జవాబుల్లో తెలుస్తుంది. బొటనవేలి గుర్తులు, 'థాంక్స్ సర్'లు మాత్రమే వస్తే చదివి పక్కన పెట్టారనుకోవచ్చు. 'కొత్త మనిషి రాకపోతే ఏం చేద్దాం?', 'సోమవారం సెలవు నాడు క్లయింట్ కాల్ వస్తే ఎత్తాలా?' లాంటి ప్రశ్నలు వస్తే నమ్మడం మొదలైందన్నమాట, అవి ఎంత చిరాకుగా అడిగినా సరే. రెండు వారాల తర్వాత ఎవరైనా ఇంకా ఆదివారం టెస్టింగ్ చేస్తున్నారేమో లాగ్‌లలో చూడాలి. చేస్తుంటే వాళ్ళను మందలించి లాభం లేదు. ఆపితే తన మీదికి వస్తుందేమోనన్న భయం వాళ్ళకు ఇంకా పోలేదు. ఆ జాబ్‌ను షెడ్యూల్‌లోంచే తీసేయించి, తీయించింది తానేనని మేనేజరు టికెట్‌లో తన పేరుతో రాయాలి.

ఇక నవంబర్ 15. అప్పటికి అనుమతి వచ్చిన ఆ ఒక్క ఉద్యోగాన్నీ పైవాళ్ళు ఆపేశారనుకోండి. అలాంటివి జరుగుతూనే ఉంటాయి. ఆ రోజు రాయడానికి మంచి కబురేమీ లేదని మెయిల్ మానేయకూడదు. కొత్త మనిషి రావడం లేదు, కాబట్టి సెటిల్‌మెంట్ ఫైళ్ళలో ఈ రెండు రకాలను డిసెంబరు నుంచి క్లయింట్ వైపు వాళ్ళే చూసుకుంటారు, అని రెండు వాక్యాలు రాసినా చాలు. క్లయింట్ దానికింకా ఒప్పుకోకపోతే, ఏ తేదీన మళ్ళీ అడుగుతున్నారో రాయాలి.