60 రోజులు ఎప్పటి నుంచి?

గుంటూరులో వంటల ఛానెల్ నడిపే ఒకావిడ ఉన్నారనుకుందాం. మిక్సీల కంపెనీ ఒకటి తన కొత్త మోడల్ మీద ఒక రీల్, రెండు స్టోరీలు చేయించుకోవాలనుకుంది. ముంబైలోని ఒక ఏజెన్సీ ఆమెకు ఫోన్ చేసింది. వాళ్లు 40 వేలతో మొదలుపెడితే, ఆమె పట్టుబట్టి 60 వేలకు తెచ్చుకున్నారు. మర్నాడు మెయిల్లో నాలుగు పేజీల ఒప్పందం వచ్చింది. అందులో డబ్బు గురించి ఉన్నది ఒక్క వాక్యమే: ‘ప్రచారం పూర్తయి, క్లయింట్ నుంచి మాకు సొమ్ము అందాక 60 రోజుల్లో చెల్లిస్తాం.’

చాలామంది ఈ వాక్యంలో 60 అనే అంకెనే చూస్తారు. రెండు నెలలే కదా అనుకుని సంతకం పెట్టేస్తారు. నిజానికి చూడాల్సింది ఆ 60 రోజులు ఏ రోజు నుంచి మొదలవుతాయన్నది.

తేదీలు వేసి చూద్దాం. జూన్ 1న సంతకం అయింది. 5న ఆమె స్క్రిప్టు పంపారు. కంపెనీ వాళ్లు దాన్ని చూసి బదులిచ్చేసరికి 20వ తేదీ. 28న వీడియో వెళ్లింది. ఒకరు సంగీతం మార్చమన్నారు, నాలుగు రోజుల తర్వాత ఇంకొకరు ధర చెప్పిన ముక్క తీసేయమన్నారు, ఆ తర్వాత ఎరుపు మిక్సీ కాదు, నీలం రంగుది చూపించాలన్నారు. నీలం మిక్సీ కొరియర్లో వచ్చాక మళ్లీ పచ్చడి రుబ్బి, మళ్లీ షూట్ చేసి జులై 20న రీల్ పెట్టారు. తన పని అయిపోయిందని ఆమె అనుకున్నారు. కానీ ‘ప్రచారం’ ఆమె ఒక్కరితో అయ్యేది కాదు. అందులో ఇంకా చాలామంది క్రియేటర్లున్నారు, చివరి వీడియో ఆగస్టు 31న వచ్చింది. అక్కడి నుంచి 60 రోజులంటే అక్టోబరు 30. అదీ మిక్సీల కంపెనీ ఏజెన్సీకి ఇచ్చి ఉంటేనే. ఇవ్వకపోతే ఆ 60 రోజుల లెక్క అసలు మొదలే కాదు.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ఒప్పందంలో రాసిన ప్రకారమే అంతా జరిగింది. అందుకే బేరమాడేటప్పుడు ధర కుదిరిందనగానే ఆగిపోకూడదని నా గట్టి అభిప్రాయం. ధరలో ఐదు వేలు తగ్గినా పర్వాలేదు, ఈ వాక్యం మాత్రం మారాలి.

ఎలా మార్చాలి? చెల్లింపు గడువు మన చేతిలో ఉన్న రోజుతో ముడిపడాలి. ‘సగం సంతకం రోజున, స్క్రిప్టు మొదలుపెట్టకముందే. మిగతా సగం వీడియో పోస్టు చేసిన 30 రోజుల్లో. క్లయింట్ చెల్లింపుతో దీనికి సంబంధం లేదు’ అని రాయించుకోవాలి. దీనికి ఇంకొక ముక్క కలపాలి. వీడియో సిద్ధమైనా, కంపెనీ తన సొంత కారణాలతో పోస్టు చేయొద్దని ఆపితే? మోడల్ విడుదల వాయిదా పడటం మామూలే. కాబట్టి ‘వీడియో అప్పగించిన 15 రోజుల్లో పోస్టు చేయనివ్వకపోతే, 16వ రో్జునే పోస్టు అయినట్టు లెక్కించి సొమ్ము చెల్లించాలి’ అని ఉండాలి. సగం అడ్వాన్సుకు ఏజెన్సీ ఒప్పుకోకపోతే 30 శాతం దగ్గరైనా ఆగండి. కొంతైనా ముందు చేతికి రావడంలో ఇంకో లాభం ఉంది. ఆ అడ్వాన్సు పంపాలంటే వాళ్ల అకౌంట్స్ విభాగం మీ పాన్, బ్యాంకు వివరాలతో వెండర్ నమోదు చేసుకోవాలి, పర్చేజ్ ఆర్డర్ నంబరు తీయాలి. పెద్ద కంపెనీల్లో డబ్బు ఆగేది చాలాసార్లు ఇక్కడే. పీవో నంబరు లేని ఇన్వాయిస్‌నూ, పాన్ మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉన్న ఇన్వాయిస్‌నూ వాళ్లు పక్కన పెట్టేస్తారు, ఆ సంగతి మనకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఆ చిక్కులేవో అడ్వాన్సు దగ్గరే తేలిపోతే చివరి చెల్లింపు సాఫీగా నడుస్తుంది.

ఇక మార్పుల సంగతి. దీన్ని డబ్బుతో సంబంధం లేని విషయంగా చూడటం పెద్ద పొరపాటు. ‘క్లయింట్ తృప్తి చెందేవరకు మార్పులు చేయాలి’ అని ఒకచోట, ‘ఆమోదం తర్వాతే చెల్లింపు’ అని మరోచోట ఉన్నాయంటే, డబ్బు ఎప్పుడివ్వాలో నిర్ణయించే తాళం చెవి పూర్తిగా అవతలివాళ్ల దగ్గరే ఉన్నట్టు.

‘రెండు మార్పులు ఉచితం’ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. మార్పు అంటే ఏమిటో కూడా రాయాలి. మన మిక్సీ కథలో సంగీతం, ధర, రంగు అని మూడు వేర్వేరు మెయిళ్లలో వచ్చాయి. వాటిని ఒకటిగా లెక్కించాలా, మూడుగానా? అందుకే ‘కంపెనీ తరఫున ఒకే వ్యక్తి, అందరి అభిప్రాయాలూ కలిపి, ఒకే మెయిల్లో పంపితే అది ఒక విడత’ అనాలి. స్క్రిప్టుకు ఒక విడత, ఎడిటింగ్‌కు రెండు విడతలు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమోదించిన స్క్రిప్టుకు విరుద్ధంగా అడిగేది మార్పు కాదు, కొత్త పని. స్క్రిప్టులో ఎరుపు మిక్సీ అని ఉండి, దానికి వాళ్లు సరేనని ఉంటే, నీలం మిక్సీతో మళ్లీ తీయడం రీషూట్. దానికి మొత్తం ధరలో 30 శాతం అదనమని ముందే రాసుకుంటే ఇక్కడ ఆమెకు 18 వేలు రావాలి. స్క్రిప్టులో చెప్పింది ఆమే మరిచిపోయి వదిలేస్తే మాత్రం మళ్లీ తీయడం ఆమె బాధ్యతే, ఉచితంగానే చేయాలి. ఈ తేడా స్పష్టంగా ఉంటే అవతలివాళ్లకూ అభ్యంతరం ఉండదు.

గడువుల విషయంలో ఒప్పందాలు చాలావరకు ఒకవైపే చూస్తాయి. క్రియేటర్ ఫలానా తేదీకి ఇవ్వాలి, ఆలస్యమైతే ఇంత కోత అని ఉంటుంది. కంపెనీ ఎన్ని రోజుల్లో చూసి చెప్పాలన్నది ఉండదు. మన ఉదాహరణలో స్క్రిప్టు 15 రోజులు వాళ్ల దగ్గరే ఉంది. ‘మూడు పనిదినాల్లో బదులు రాకపోతే ఆమోదించినట్టే. మీవైపు ఎన్ని రోజులు ఆలస్యమైతే నా గడువు అన్ని రోజులు జరుగుతుంది’ అన్న రెండు వాక్యాలు చేరిస్తే చాలు.

ఇవన్నీ చెప్పడానికి లాయరు అక్కర్లేదు. ఒప్పందం పంపిన వ్యక్తికే మెయిల్ రాయవచ్చు: ‘చదివానండీ. ధర, పని విషయంలో అభ్యంతరం లేదు. చెల్లింపు తేదీ, మార్పుల లెక్క, మీ బదులు గడువు, ఈ మూడింటిలో నా సూచనలు కింద రాశాను. సరిచేసి పంపితే ఈరోజే సంతకం చేస్తాను.’ ఫోన్లో ‘అలాగే మేడమ్, చూసుకుందాం’ అంటే, ఆ మాటనే వెంటనే మెయిల్లో పెట్టి వాళ్లచేత అవుననిపించుకోవాలి. ఒప్పందంలో అవతలి పక్షం పేరు కూడా చూడండి. మిక్సీ మీద ఉండే బ్రాండ్ పేరు వేరు, కంపెనీ పేరు వేరు కావచ్చు. డబ్బివ్వాల్సింది ఏజెన్సీనా, కంపెనీనా? రేపు నోటీసు పంపాల్సి వస్తే ఆ పేరే కావాలి.

ఇంత చేసినా డబ్బు రాకపోవచ్చు. తక్కువ వచ్చిందని కంగారుపడే ముందు టీడీఎస్ చూసుకోవాలి. 60 వేలలో 10 శాతం కోసుకుని 54 వేలు వేసి ఉంటే అది బకాయి కాదు. ఆ 6 వేలు ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పాన్ కింద కనిపించాలి. గడువు దాటాక మొదటి మెయిల్ మనతో మాట్లాడే మేనేజరుకు మాత్రమే కాకుండా అకౌంట్స్ విభాగానికీ వెళ్లాలి. ‘ఎప్పుడిస్తారు’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే జవాబు వస్తుంది. ‘ఏ తేదీన జమవుతుంది, ఇన్వాయిస్‌లో ఏదైనా లోపం ఉందా’ అని అడిగితే ఏదో ఒకటి తేలుతుంది.

కోపంతో రీల్ తీసేయాలనిపిస్తుంది. తొందరపడొద్దు. వీడియో ఆరు నెలలో, ఏడాదో ఉంచాలని ఒప్పందంలో ఉంటే, తీసేయగానే మాట తప్పింది మనమే అవుతాం. దీనికి మందు ముందే ఉంది. ‘పూర్తి సొమ్ము అందేవరకు ఈ వీడియోను ప్రకటనగా వాడుకునే హక్కు కంపెనీకి లేదు. గడువు దాటి 15 రోజులైతే క్రియేటర్ దాన్ని తీసేయవచ్చు’ అని సంతకానికి ముందే రాయించుకోవాలి.

అన్నిటికన్నా బలమైన ఆయుధం చాలామంది క్రియేటర్లకు తెలియదు. అది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం. సేవలు అందించేవాళ్లు కూడా ఉద్యమ్ పోర్టల్లో రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సేవ తీసుకున్నవాళ్లు, ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీకి చెల్లించాలి, అదీ సేవను అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో 60 అని ఉన్నా, 90 అని ఉన్నా 45 దగ్గరే ఆగాలి. పని అప్పగించిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చట్టం దృష్టిలో అంగీకరించినట్టే. మన ఉదాహరణలో రీల్ పెట్టిన జులై 20నే అంగీకారంగా తీసుకున్నా, గడువు సెప్టెంబరు 3తో ముగుస్తుంది.

ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే ఏడాదికి 16.5 శాతం. 60 వేల మీద మొదటి నెలకే 825 రూపాయలు. అయితే ఈ నమోదు ఒప్పందానికి ముందే చేసుకుని ఉండాలి. బాకీ పడ్డాక నమోదు చేసుకుంటే, పాత ఒప్పందానికి రక్షణ వర్తించదన్న వాదన ఎదురవుతుంది. ఉద్యమ్ నంబరును ప్రతి ఇన్వాయిస్ మీదా వేయండి. గడువు దాటిన చెల్లింపులను, అవి నిజంగా చెల్లించేవరకు ఖర్చుగా చూపించుకోనివ్వని ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే ఆ నంబరు చూడగానే అకౌంట్స్ వాళ్లు కాస్త కదులుతారు.

అయినా కదలకపోతే ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కంపెనీ ముంబైలో ఉన్నా, సేవ అందించినవాళ్లు ఎక్కడుంటే అక్కడి కౌన్సిలే వింటుంది కాబట్టి గుంటూరు ఆవిడ ముంబై వెళ్లనక్కర్లేదు. మొదట రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే మధ్యవర్తిత్వంతో తీర్పు. 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది కానీ ఆచరణలో ఎక్కువే పడుతుంది. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కంపెనీ అందులోని సొమ్ములో 75 శాతం ముందు కట్టాలి. ఒప్పందం, ఆమోదం మెయిల్, పోస్టు లింకు, ఇన్వాయిస్, గుర్తుచేసిన మెయిళ్లు ఒకచోట ఉంటే ఫిర్యాదుకు కావాల్సిన ముఖ్యమైన కాగితాలు ఉన్నట్టే.

ఈ దారి మన దేశంలోని కంపెనీలకే. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువాళ్ల దుకాణం, ఇక్కడ కార్యాలయమే లేని విదేశీ యాప్ పని ఇస్తే ఈ కౌన్సిల్ ద్వారా వాళ్ల దగ్గర వసూలు చేయడం దాదాపు అసాధ్యం. అలాంటి పనికి సగం సగం లెక్క పెట్టుకోకండి. వీడియో చూపించాక, పోస్టు చేయకముందే మొత్తం సొమ్ము ఖాతాలో పడాలి.