పంచ్ పడని రోజు జీతం ఎవరిది?

హాజరు యంత్రం పనిని కొలవదు, వేలు పెట్టిన సమయాలను మాత్రమే నమోదు చేస్తుంది. ఉదయం 9:24కి లోపలికి వచ్చిన పంచ్ ఉండి, సాయంత్రం బయటికి వెళ్లిన పంచ్ లేకపోతే ఆ రోజు ఎన్ని గంటలు పని జరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టలేదు. అందుకే దాన్ని ‘మిస్డ్ పంచ్’ అని గుర్తు పెడుతుంది. కంపెనీ పెట్టుకున్న సెట్టింగును బట్టి అరపూట హాజరుగానో గైర్హాజరుగానో చూపుతుంది. ఆ ఖాళీని ఆధారంతో పూరించి హాజరును సరిచేయడమే రెగ్యులరైజేషన్. ఉద్యోగి పోర్టల్‌లో తేదీ, సమయం, కారణం రాసి పంపుతాడు, రిపోర్టింగ్ మేనేజర్ ఆమోదిస్తాడు, నెల జీతం లెక్క వేసే ముందు అది పేరోల్‌కు చేరుతుంది.

పంచ్ తప్పడానికి కారణాలు ఒకే రకంగా ఉండవు. యంత్రం పనిచేయకపోవడం, కరెంటు పోవడం, చెమటకో సిమెంటు పనికో అరిగిన వేలిముద్రను రీడర్ గుర్తించకపోవడం ఉద్యోగి తప్పులు కావు. రాత్రి షిఫ్టుల్లో మరో చిక్కు ఉంది. రాత్రి 10 గంటలకు వచ్చినవాడు మర్నాడు ఉదయం 6 గంటలకు పంచ్ చేస్తే, షిఫ్టు సరిగా అమర్చని సాఫ్ట్‌వేర్ ఆ పంచ్‌ను మర్నాటి ఇన్‌గా తీసుకుని రెండు రోజుల లెక్కనూ చెడగొడుతుంది. కంపెనీ పనిమీద బయటికి వెళ్లడం మళ్లీ వేరు. దాన్ని ఆన్ డ్యూటీగా నమోదు చేయాలి. ఇవన్నీ పోగా మిగిలేదే అసలైన మరపు. పాలసీలో నెలవారీ పరిమితి ఈ చివరి రకానికే వర్తించాలి. చాలా పాలసీలు ఈ విడదీత చేయవు. ఫలితంగా యంత్రం మూడు రోజులు మొరాయించిన వారంలోనే ఉద్యోగి కోటా అయిపోతుంది.

ఎక్కువ కంపెనీల్లో కనిపించే వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: ‘నెలకు మూడు రెగ్యులరైజేషన్లు మాత్రమే అనుమతిస్తారు. నాలుగోదాని నుంచి ఒక రోజు లాస్ ఆఫ్ పే.’ చదవడానికి స్పష్టంగా ఉన్నా ఇందులో పెద్ద లోపం ఉంది. భారతదేశంలో గైర్హాజరుకు జీతం కోసే హక్కు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచి వచ్చింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే నియమాన్ని కొనసాగించింది. ఉద్యోగి పనిలో లేని కాలానికి, ఆ కాలం మేరకే కోత వేయాలన్నది దాని సారం. పంచ్ మరిచినవాడు పనిలో లేనట్టు కాదు. పని చేశాడని తేలాక కూడా ఒక రోజు జీతం పట్టుకుంటే, దానికి ఏ పేరు పెట్టినా అది జరిమానాయే.

జరిమానాకు చట్టంలో వేరే షరతులున్నాయి. ఏ పనికి జరిమానా పడుతుందో ముందే నోటీసులో ప్రకటించాలి, ఆ నోటీసుకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి, ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మొత్తం జరిమానా ఆ వేతన కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. నెలకు 30,000 రూపాయల జీతగాడిని తీసుకుంటే ఆ పరిమితి 900 రూపాయలు. 30 రోజుల నెలలో అతని ఒక రోజు జీతం 1,000 రూపాయలు. అంటే ‘నాలుగో మరపుకు ఒక రోజు కోత’ అన్న నిబంధన, దాన్ని జరిమానాగా చూసినా, మొదటిసారికే పరిమితి దాటిపోతుంది.

కాబట్టి అంకె పెట్టాల్సింది ఉద్యోగి జీతం మీద కాదు, మేనేజర్ అధికారం మీద. నిబంధనను ఇలా రాయవచ్చు: ‘ఉద్యోగి పొరపాటు వల్ల తప్పిన పంచ్‌లను నెలకు మూడింటి వరకు రిపోర్టింగ్ మేనేజర్ ఉద్యోగి వివరణ మీదే ఆమోదించవచ్చు. నాలుగు, ఐదు అభ్యర్థనలను ఆధారం జతచేస్తే విభాగాధిపతి ఆమోదిస్తారు. అంతకు మించినవాటిని ఆధారం పరిశీలించి హెచ్ఆర్ నిర్ణయిస్తుంది. యంత్ర లోపం, షిఫ్టు అమరిక లోపం, ఆన్ డ్యూటీ ఈ లెక్కలోకి రావు.’ మూడు అన్నది చట్టం చెప్పిన అంకె కాదు, కంపెనీ తన అవసరాన్ని బట్టి ఎంచుకునేది. సంఖ్య పెరిగేకొద్దీ రుజువు బరువు పెరగాలి, ఆమోదించేవారి స్థాయి పెరగాలి. జీతం పొందే హక్కు మాత్రం తరగకూడదు.

పైన చెప్పిన ఉద్యోగి జూన్ 19న నాలుగోసారి అవుట్ పంచ్ మరిచాడనుకుందాం. అతని షిఫ్టు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు. అభ్యర్థనలో 6:40 అని రాశాడు. కంప్యూటర్ లాగ్‌లో చివరి పని 6:36కి ఉంది, గేటు రిజిస్టర్‌లో 6:41 ఉంది. రెండూ అతని మాటకు దగ్గరగానే ఉన్నాయి కనుక విభాగాధిపతి ఆమోదిస్తారు, 1,000 రూపాయలు నిలుస్తాయి. గేటు రిజిస్టర్‌లో 4:10 అని ఉండి, ఆ తర్వాత కంప్యూటర్ కదలిక కూడా లేకపోతే కథ మారుతుంది. అప్పుడు పని చేయని 2 గంటల 20 నిమిషాల జీతం కోయడం ఒక విషయం, 6:40 అని అబద్ధం రాయడం మరో విషయం. రెండింటినీ కలిపి ఒకే కోతతో సరిపెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

గడువు గురించి కూడా పాలసీ తేల్చి చెప్పాలి. హాజరు 25న మూసే కంపెనీలో, పంచ్ తప్పిన మూడు పనిదినాల్లో అభ్యర్థన పెట్టాలనీ, మేనేజర్ రెండు పనిదినాల్లో నిర్ణయించాలనీ రాస్తే సరిపోతుంది. మేనేజర్ సెలవులో ఉండి స్పందించకపోతే అభ్యర్థన పైస్థాయికి వెళ్లాలి. గడువు దాటాక రుజువైనదాన్ని వచ్చే నెల జీతంలో బకాయిగా కలపాలి. ఈ చివరి వాక్యం లేని పాలసీల్లో, పై అధికారి ఆలస్యానికి కింది ఉద్యోగి జీతం పోతుంది. ఇది అన్యాయం.

దుర్వినియోగం సాధారణంగా ఒక్క అభ్యర్థనలో బయటపడదు, నెలల వరుసలో తెలుస్తుంది. ప్రతి శుక్రవారం అవుట్ పంచే తప్పడం, రాసిన సమయాలన్నీ షిఫ్టు నిమిషానికి సరిగ్గా సరిపోవడం, ఒక మేనేజర్ కటాఫ్ రోజున పదుల అభ్యర్థనలను ఒకేసారి ఆమోదించడం అనుమానించాల్సిన గుర్తులు. అవి రుజువులు మాత్రం కావు. శుక్రవారం సాయంత్రం వేరే గేటు గుండా కంపెనీ బస్సు బయలుదేరుతుండవచ్చు, ఆ గేటు దగ్గర యంత్రమే లేకపోవచ్చు.

అందుకే పర్యవసానాల నిబంధనలో ‘తెలిసి’ అన్న మాట తప్పనిసరి. ‘తెలిసి తప్పుడు సమయం రాయడం, మరొకరి బదులు పంచ్ చేయడం, అలా చేయమని అడగడం, అబద్ధమని తెలిసీ ఆమోదించడం దుష్ప్రవర్తన’ అని రాయాలి. తరచుగా మరిచేవారికి ముందు మాటతో, తర్వాత రాతపూర్వకంగా హెచ్చరిక ఇస్తే చాలు. మోసమైతే దారి వేరు. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో యజమాని వ్యాపారానికి సంబంధించిన మోసం, నిజాయితీలేనితనం దుష్ప్రవర్తనల జాబితాలో ఉన్నాయి. అయినా తొలగింపు లాంటి శిక్షకు ముందు ఆరోపణను తేదీలతో సహా రాతలో ఇచ్చి, ఆధారాలు చూపి, జవాబు విని, విచారణ జరపాలి. షోకాజ్ నోటీసులో ‘పంచ్ చేయలేదు’ అని రాసి విచారణలో మోసం గురించి అడిగితే ఆ కేసు నిలబడదు. ‘జూన్ 19న 4:10కి వెళ్లి 6:40 అని నమోదు చేశారు’ అని ఉండాలి. ఆమోదించిన మేనేజర్‌కు గేటు వివరాలు తెలుసని తేలితే అదే తేదీతో ఆయనకూ విడిగా నోటీసు వెళ్లాలి. మొదట నమోదైన పంచ్, తర్వాత మార్చిన సమయం, మార్చినవారి పేరు సిస్టమ్‌లో చెరిగిపోకుండా ఉంటేనే ఇదంతా సాధ్యం.