ఇంక్యుబేటర్‌లో తగ్గిన 2.4 డిగ్రీలు

కోడిగుడ్డు పిల్ల కావాలంటే 21 రోజుల పాటు దాదాపు 37.5 డిగ్రీల వేడి తగలాలి. ఇంక్యుబేటర్‌లో ఆ వేడినిచ్చేది హీటరు. దానికి ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలన్నదే ఇక్కడి చిక్కు.

లెక్క సులువుగా ఉండేలా ఒక పెట్టెను ఊహించుకుందాం. హీటరు 100 వాట్లది. ఇచ్చే ఒక్కో వాటుకూ పెట్టె లోపల గదిలో కంటే 0.2 డిగ్రీల వేడి పెరుగుతుంది. గదిలో 25.5 డిగ్రీలుంటే మనకింకా 12 డిగ్రీలు కావాలి, అంటే 60 వాట్లు. రెగ్యులేటరును 60 దగ్గర పెట్టి వెళ్లిపోతే అది ఓపెన్ లూప్. రాత్రి గది 6 డిగ్రీలు చల్లబడితే పెట్టె కూడా అంతే చల్లబడి 31.5కి దిగుతుంది. హీటరుకు ఆ సంగతే తెలియదు.

పెట్టెలో థర్మామీటరు పెట్టి, అది చెప్పినదాన్ని బట్టి హీటరును నడిపిస్తే క్లోజ్డ్ లూప్ అవుతుంది. ఈ పని 17వ శతాబ్దంలోనే డచ్ దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ చేశాడు. వేడికి ఆల్కహాల్ వ్యాకోచించి పాదరసాన్ని పైకి నెట్టేది, పాదరసం మీద తేలే కడ్డీ పొయ్యికి గాలి అందే మూతను మూసేది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ కాస్త ఆలోచిస్తే అందులో ఒక మెలిక కనబడుతుంది. చలి పెరిగినప్పుడు మూత ఎక్కువ తెరుచుకోవాలి. అలా తెరుచుకోవాలంటే పాదరసం కిందికి దిగాలి. పాదరసం దిగాలంటే వేడి తగ్గి ఉండాలి. కొంత తక్కువ ఉంటే తప్ప ఆ తక్కువను పూడ్చే మంట రాదు.

మన పెట్టెకూ అదే నియమం పెడదాం. కావలసిన వేడి కంటే ఒక డిగ్రీ తక్కువైతే 20 వాట్లు, రెండు డిగ్రీలైతే 40. స్విచ్ వేసి, మీటను ఒక్కసారిగా 25.5 నుంచి 37.5కు తిప్పుతాం. ఇలా ఒక్క ఉదుటున మారి, ఆపై అక్కడే నిలిచే కోరికను స్టెప్ ఇన్‌పుట్ అంటారు. పెట్టె వేడెక్కి, వేడెక్కి, 35.1 దగ్గర ఆగిపోతుంది. 2.4 డిగ్రీలు తక్కువ. ఆ తేడాకు హీటరు ఇచ్చేది 48 వాట్లు, వాటితో పెరిగేది 9.6 డిగ్రీలు, 25.5కు అది కలిపితే 35.1. లెక్క సరిపోయింది కాబట్టి అంతా స్థిరపడింది. ఈ మిగిలిన తేడాయే స్టెడీ స్టేట్ ఎర్రర్. 20 వాట్లను 0.2తో గుణిస్తే వచ్చే 4ను లూప్ గెయిన్ అంటారు. అడిగిన 12ను ఒకటి కలిపిన ఆ గెయిన్‌తో, అంటే 5తో, భాగిస్తే 2.4 వచ్చేస్తుంది.

డిగ్రీకి 100 వాట్లిస్తే గెయిన్ 20 అవుతుంది, తేడా 0.57కు తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు. పైగా థర్మామీటరు వేడిని పసిగట్టేలోపే హీటరు అతిగా కాచేసి, పెట్టె ఊగిసలాటలో పడే ప్రమాదం ఉంది. ఇలాంటివి టైప్ జీరో వ్యవస్థలు. కొందరు మీటను 40.5 దగ్గర పెట్టి 37.5 రాబట్టుకుంటారు. పగలు అది పనిచేస్తుంది. రాత్రి గది చల్లబడగానే మళ్లీ 36.3కు దిగుతుంది.

మందు వేరే చోట ఉంది. తేడా ఎంత ఉందో దాన్నిబట్టి వాట్లు ఇవ్వడం మాని, తేడా ఉన్నంతసేపూ వాట్లను పెంచుతూ పోవాలి, వేడి ఎక్కువైతే తగ్గిస్తూ పోవాలి. తేడాను ఇలా కూడబెట్టే భాగమే ఇంటిగ్రేటర్. అది కదలకుండా నిలిచిందంటే తేడా సున్నా అయినట్టే. పెట్టె 37.5 దగ్గర, హీటరు 60 వాట్ల దగ్గర స్థిరపడతాయి. రాత్రి 90 వాట్లు కావలసి వస్తే కాస్త ఆలస్యంగానైనా తానే అక్కడికి చేరుతుంది. లూప్‌లో ఒక ఇంటిగ్రేటర్ ఉంటే టైప్ వన్, రెండుంటే టైప్ టూ. స్టెప్ ఇన్‌పుట్‌కు టైప్ వన్‌లోనే తేడా సున్నా అయిపోతుంది కాబట్టి రెండోది ఇక్కడ దండగ, ఊగిసలాట పెంచడం తప్ప. ఉపగ్రహాన్ని వెంటాడే యాంటెనాలా, లక్ష్యం తానే జరిగిపోతూ ఉండే చోట దాని అవసరం తెలుస్తుంది.

ఇంటిగ్రేటర్ చేయలేనివీ ఉన్నాయి. గది 15 డిగ్రీలకు పడిపోతే 100 వాట్లూ వాడినా పెట్టె 35 దాటదు. పైగా ఆ సమయమంతా ఇంటిగ్రేటర్ తేడాను కూడబెడుతూనే ఉంటుంది. గది మళ్లీ వేడెక్కాక ఆ నిల్వ కరిగేదాకా హీటరు మంటను తగ్గించదు, గుడ్లు అతిగా కాగుతాయి. అందుకే హీటరు పూర్తి స్థాయికి చేరగానే కూడబెట్టడం ఆపేలా మంచి కంట్రోలర్లలో ఏర్పాటు చేస్తారు. రెండో లోపం కంటికి కనబడదు. థర్మామీటరు అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంటే, తెర మీద 37.5 నిక్కచ్చిగా కనిపిస్తుంది, గుడ్లకు మాత్రం 37 డిగ్రీలే అందుతుంది. గుడ్ల మధ్యలో వేరే థర్మామీటరు ఉంచి రెండింటినీ పోల్చి చూస్తే తప్ప ఆ తేడా బయటపడదు.