చొక్కా ముట్టుకునేదాకా సంగీతానికి తెలియకూడదు

తొమ్మిది నిమిషాల షార్ట్ ఫిలిం ఒకటి ఎడిటింగ్ పూర్తయిందనుకుందాం. కొడుకు పోయాక, వాడు ఉన్న అద్దెగది చూడ్డానికి తల్లి ఊరి నుంచి వస్తుంది. మెట్లెక్కి, తలుపు తీసి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కాని ముట్టుకుంటుంది. ‘ఇక్కడ విషాదంగా ఉండాలండీ’ అని దర్శకుడు రాసి పంపిస్తే సంగీత దర్శకుడికి ఏం తెలుస్తుంది?

ఆ విషాదం ఎవరిదో తెలియాలి. జరిగింది ప్రేక్షకుడికి తెలుసు. తల్లి మనసు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ‘మెట్ల మీద సన్నటి లయ చాలు, చొక్కా ముట్టుకునేదాకా సంగీతం ఏడవకూడదు’ అని రాస్తే పని మొదలుపెట్టవచ్చు. వయొలినా, వేణువా అన్నది ఆయన చూసుకుంటారు.

సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చుకోవడాన్ని స్పాటింగ్ అంటారు. ఒక్కో సంగీత ఖండం ఒక క్యూ. దాని వేళను టైమ్‌కోడ్‌తో రాస్తారు. మన తల్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టేది 01:03:12:00 దగ్గర, చొక్కా ముట్టుకునేది 01:03:32:00 దగ్గర. సినిమా మొదలును ఒంటిగంటగా లెక్కపెట్టడం వాడుక కనుక, మొదటిది మూడు నిమిషాల పన్నెండో సెకను. చివరి జత అంకెలు ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములా, 25 ఫ్రేములా అన్నది కూడా ఉత్తరంలో ఉండాలి.

రెండింటి మధ్య 20 సెకన్లు. నిమిషానికి 60 దెబ్బల లయలో అవి సరిగ్గా 20 దెబ్బలు. నాలుగేసి దెబ్బలుగా విడదీస్తే ఐదు ఆవర్తాలు పూర్తయి, ఆరోదాని తొలి దెబ్బకే చేయి చొక్కాని తాకుతుంది. లెక్క అందంగా కుదిరింది.

ఇప్పుడు ఎడిటర్ మెట్ల షాట్‌లోంచి 36 ఫ్రేములు తీసేశాడు. సెకనుకు 24 లెక్కన ఒకటిన్నర సెకను. చేయి ముందే చొక్కా మీద పడుతుంది, దుఃఖం ఒకటిన్నర సెకను ఆలస్యంగా వస్తుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు గానీ, ఏదో అతకలేదని పట్టేస్తారు. ఆ 20 దెబ్బలను 18.5 సెకన్లలో ఇమడ్చాలంటే లయను 65 దాకా పెంచాలి. అప్పుడు ఆమె నడకకూ సంగీతానికీ పొత్తు కుదరకపోవచ్చు. అందుకే ఎడిటింగ్‌కు తాళం వేశాకే ఉత్తరం రాయాలి, ఏ తేదీ కట్ చూసి రాశారో అందులో చెప్పాలి.

నిశ్శబ్దాన్నీ క్యూలాగే రాయాలి. ‘చివరి నలభై సెకన్లు సంగీతం వద్దు, సీలింగ్ ఫ్యాన్ కిర్రుమనే చప్పుడు వినపడాలి’ అని కారణంతో సహా. 1960 నాటి ‘సైకో’లో స్నానాలగది హత్యకు సంగీతం వద్దనే హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. బెర్నార్డ్ హెర్మన్ అయినా తంత్రీవాద్యాలతో ఒక క్యూ రాశారు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకుని ఆ కీచు స్వరాలను సినిమాలో ఉంచేశారు. ఎందుకు వద్దంటున్నారో రాసి ఉంటే, అవతలివాళ్లు తమ వాదన వినిపించడానికీ చోటుంటుంది.