పోయిన డిగ్రీ పట్టాకు నకలు: రిజిస్ట్రార్‌కు రాసే లేఖ

డిగ్రీ పట్టా పోయిందని రిజిస్ట్రార్‌కు లేఖ రాసేముందు, పోయిన కాగితం ఏదో తేల్చుకోవాలి. కోర్సు పూర్తవగానే చేతికొచ్చేది ప్రొవిజనల్ సర్టిఫికెట్. కాన్వొకేషన్ పట్టాగా పిలిచే ఒరిజినల్ డిగ్రీకి చాలా విశ్వవిద్యాలయాల్లో విడిగా ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవాలి. ప్రొవిజనల్‌తోనే ఉద్యోగంలో చేరి, పట్టా సంగతే మరిచిపోయినవారు ఎందరో ఉన్నారు. ఏళ్ల తర్వాత బీరువా వెతికి, పట్టా పోయిందని కంగారు పడతారు. అసలు తీసుకోనేలేదని తేలితే వారికి కావలసింది నకలు కాదు, మొదటి పట్టానే. టీసీ పోతే విశ్వవిద్యాలయానికి కాకుండా, అది ఇచ్చిన కళాశాలకే వెళ్లాలి.

నిజంగా పట్టానే పోయినట్లయితే ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి. వెతికినా దొరకలేదని వాళ్లిచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్ సాధారణంగా అడుగుతారు. కొన్నిచోట్ల పత్రికా ప్రకటన కూడా కావాలంటారు. ఇవి చేతికొచ్చాకే లేఖ రాయడం మేలు, ఎందుకంటే లేఖలో వీటి నంబర్లు, తేదీలు వేయాలి.

ఉదాహరణకు, 2009లో బీకాం పాసైన ఒకరి సంచి విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో పోయిందనుకుందాం. ఆ లేఖలో అసలు విషయం ఇంతే:

“అయ్యా, నేను 2009 మార్చి పరీక్షల్లో బీకాం ఉత్తీర్ణత పొందాను. నా హాల్ టికెట్ నంబరు, కళాశాల పేరు పైన రాశాను. నా ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్ జూన్ 14న బస్సు ప్రయాణంలో పోయింది. పోలీసు ధ్రువపత్రం, అఫిడవిట్, మార్కుల మెమోల జిరాక్సులు, ఫీజు రసీదు జతచేశాను. నకలు పట్టా ఇప్పించగలరు. అసలుది దొరికితే నకలును తిరిగి అప్పగిస్తాను.”

ఇందులో ప్రాణం హాల్ టికెట్ నంబరే. లేఖ రిజిస్ట్రార్ పేరున వెళ్లినా, పని జరిగేది పరీక్షల విభాగంలో. అక్కడి గుమస్తా పాత రిజిస్టరు తిరగేసేది ఆ నంబరు, పాసైన సంవత్సరం పట్టుకునే. నంబరు గుర్తులేకపోతే పాత మెమో జిరాక్సులోనో, కళాశాల రికార్డులోనో చూసి రాయాలి.

దరఖాస్తులు వెనక్కి రావడానికి పెద్ద కారణం కాగితాల మధ్య పొంతన లేకపోవడం. ఫిర్యాదులో “జూన్ 14, బస్సులో” అని, అఫిడవిట్‌లో “ఇల్లు మారేటప్పుడు” అని ఉంటే అనుమానం రాక మానదు. పేరు విషయంలోనూ అంతే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళ ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా, మెమోలో ఉన్నట్టే రాసి, మార్పు సంగతి ఒక వాక్యంలో చెప్పాలి. నకలులో పాత పేరే వస్తుంది.

కొత్త పట్టా మీద సాధారణంగా “డూప్లికేట్” అని ముద్ర ఉంటుంది. దానివల్ల అర్హతకు లోటేమీ రాదు. ఇటీవలి పట్టాలను చాలా విశ్వవిద్యాలయాలు డిజిలాకర్‌లో పెడుతున్నాయి కాబట్టి, నకలు వచ్చేదాకా అందులోని ప్రతి పనికొస్తుంది. పాతకాలపు పట్టాలు మాత్రం అందులో దొరకకపోవచ్చు.