40 చింతగింజల్లో ఒకటి

ఏడో తరగతి శాతాల పాఠాన్ని మేము ఏళ్ల తరబడి బోర్డు మీదే చెప్పాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగులో ఉన్న ప్రశ్న చదవలేక తప్పేవారు. మేమేమో లెక్క రాదని మార్కులు కోసేవాళ్లం.

ఇలాంటి అడ్డంకుల్ని ముందే ఊహించి పాఠం తయారుచేసుకోవడాన్ని సార్వత్రిక అభ్యసన రూపకల్పన అంటారు. లక్ష్యం మాత్రం అందరికీ ఒకటే: 2.5 శాతం అర్థం కావాలి, ఏ మొత్తానికైనా కట్టగలగాలి. జకాత్‌తో మొదలుపెట్టాలా, కొట్టులో ఇచ్చే తగ్గింపుతోనా అన్నది పిల్లల ఇష్టం. ప్రశ్నను రెండు భాషల్లోనూ పైకి చదువుతాం. 40 చింతగింజలు లెక్కపెట్టి ఒకటి పక్కన పెట్టిస్తాం. 100 గళ్ల కాగితంలో రెండున్నర గళ్లకు రంగు వేయిస్తాం. ఈ రెండూ ఒకటేనని చాలామందికి వెంటనే తోచదు. 100 గింజల్ని 40 చొప్పున కుప్పలు పోస్తే రెండు కుప్పలు పోగా 20 మిగులుతాయి, అంటే అర కుప్ప. కుప్పకొకటి చొప్పున రెండున్నర. అక్కడ తెలుస్తుంది.

జవాబు రాయవచ్చు, నోటితో చెప్పవచ్చు, గింజలతో చూపవచ్చు. మొదటిసారి ఒక అమ్మాయి ఎంతో అందంగా చార్టు వేసింది, అందులో లెక్కే లేదు! పొరపాటు మాదే, ఏం చూపాలో చెప్పలేదు. ఇప్పుడు అందరినీ ఒకటే అడుగుతాం: 6,000 రూపాయలకు ఎంత, 40తో ఎందుకు భాగించావు? 150 అని ఊరుకుంటే ఒప్పుకోం. గింజలు పేర్చినవారు ఒక్కో గింజ విలువ 150 ఎలా అయిందో చెప్పాలి.